రొయ్యల ప్యాకెట్ మీద తిరగబడిన తేదీ

గడ్డకట్టించిన రొయ్యల ప్యాకెట్ ఒకటి ఉందనుకుందాం. ఆంధ్ర తీరంలోని ఏదో ప్లాంటులో తయారైంది, గల్ఫ్‌కు వెళ్లాలి. అక్కడ అమ్మే ఆహార ప్యాకెట్ల మీద వివరాలు అరబిక్‌లో ఉండి తీరాలి. ఇంగ్లిషు లేబుల్ బొమ్మ సిద్ధంగా ఉంది కాబట్టి డిజైనర్ అందులోని ఇంగ్లిషు అక్షరాలను చెరిపేసి, అనువాదకుడు పంపిన అరబిక్‌ను ఆ ఖాళీల్లో పెడతాడు. ఇంగ్లిషు లేబుల్‌లో ఉన్న వరసలు ఇవి:

```
PACKED ON 13-05-26
USE BY
12-05-28
STORE AT -18°C
NET WT 500 g
CARE +91 12345 67890
```

అనువాదంలో తప్పు లేదు. అంకెలను ఎవరూ ముట్టుకోలేదు కూడా. అయినా అరబిక్ బొమ్మ తయారై వచ్చాక అందులోని అంకెలు ఇలా కనిపిస్తాయి:

```
26-05-13
12-05-28
C°18-
g 500
67890 12345 91+
```

ప్యాకింగ్ తేదీ తిరగబడింది. దాని కిందనే ఉన్న గడువు తేదీ మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. మైనస్ గుర్తు అంకెకు అవతలి పక్కకు పోయింది. ఫోన్ నంబరు తోక ముందుకొచ్చింది. దీన్ని చూసిన వాళ్లు ముందు టైపు చేసిన మనిషినే అనుమానిస్తారు. కానీ ఇందులో చేతి పొరపాటు ఏమీ లేదు. ప్రతి మార్పూ ఒక నియమం ప్రకారమే జరిగింది.

అరబిక్ అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అంకెలు అలా కాదు. అరబిక్‌లో రాసినా 1947లో ఒకటి ఎడమ పక్కే ఉంటుంది, ఏడు కుడి పక్కే ఉంటుంది. కాబట్టి అంకె ఉన్న ప్రతి అరబిక్ వాక్యంలోనూ రెండు దిశలు కలిసే ఉంటాయి. ఇంగ్లిషు మాట ఒకటి చేరినా అంతే. కంప్యూటర్ మాత్రం అన్నిటినీ చదివే వరసలోనే దాచుకుంటుంది: ముందు చదివేది ముందు, తర్వాత చదివేది తర్వాత. ఏది ఏ పక్కన కనిపించాలో తెర మీద చూపించేటప్పుడు లెక్కగడుతుంది. ఆ లెక్క యూనికోడ్ ప్రమాణంలోని తొమ్మిదో అనుబంధంలో ఉంది. దాన్ని ద్విదిశా అల్గారిథం అంటారు, వాడుకలో బైడై.

ఈ పద్ధతిలో ప్రతి అక్షరానికీ ఒక తరగతి ఉంటుంది. అరబిక్ అక్షరం కచ్చితంగా కుడి నుంచి ఎడమకు, ఇంగ్లిషు అక్షరం కచ్చితంగా ఎడమ నుంచి కుడికి. అంకెలది బలహీన తరగతి. తమలో తాము ఎడమ నుంచి కుడికే నిలబడతాయి కానీ, చుట్టూ ఉన్నవాటి దిశను మార్చేంత బలం వాటికి లేదు. ఖాళీ, ఆశ్చర్యార్థకం, బ్రాకెట్ లాంటివి తటస్థం, అటూ ఇటూ ఉన్నవాటిని బట్టి వాటి దిశ తేలుతుంది. చిక్కంతా ఈ బలహీన, తటస్థ గుర్తుల దగ్గరే పుడుతుంది.

ముందు తేదీనే చూద్దాం. `13-05-26`లో మూడు అంకెల గుంపులు, రెండు హైఫన్‌లు ఉన్నాయి. రెండు మామూలు అంకెల మధ్య ఒంటరిగా ఉన్న హైఫన్ ఆ అంకెల్లోనే కలిసిపోతుందని నియమం. అలా కలిస్తే తేదీ మొత్తం ఒకే ముక్కగా ఉండి వరస చెదరదు. కానీ ఇంకో నియమం దానికంటే ముందే అమలవుతుంది. అంకెకు ముందు, దగ్గర్లో కనిపించే బలమైన అక్షరం అరబిక్‌దైతే, ఆ అంకెను అరబిక్ అంకెల తరగతిలోకి మార్చాలి. ఆ తరగతి అంకెల మధ్య హైఫన్‌కు కలిసే హక్కు లేదు. అది విడిపోయి తటస్థ గుర్తు అవుతుంది, వాక్యం దిశనే తన దిశగా తీసుకుంటుంది. దాంతో తేదీ మూడు ముక్కలై, ఆ ముక్కలు కుడి నుంచి పేర్చుకుంటాయి. కుడి చివర 13, మధ్యలో 05, ఎడమ చివర 26.

మొదటి వరసలో జరిగింది అదే. అక్కడ "ప్యాక్ చేసిన తేదీ" అనే అరబిక్ మాటలు, అంకెలు ఒకే వరసలో ఉన్నాయి. గడువు తేదీ మాత్రం ఇంగ్లిషు లేబుల్‌లో విడిగా, కింది వరసలో ఉంది. బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ దాన్ని వేరే పెట్టెగా పట్టుకుంది. ఆ పెట్టెలో అరబిక్ అక్షరమే లేదు కాబట్టి అంకెల తరగతి మారలేదు. హైఫన్‌లు వాటిలో కలిసిపోయాయి, తేదీ చెక్కుచెదరలేదు. ఒకే తీరున రాసిన రెండు తేదీలు ఒకే లేబుల్ మీద రెండు రకాలుగా కనిపించడానికి కారణం ఇంతే.

పర్యవసానం మాత్రం చిన్నది కాదు. `26-05-13`ని కుడి నుంచి గుంపులుగా చదివేవాళ్లకు అది 2026 మే 13. ఎడమ నుంచి చదివేవాళ్లకు 2013 మే 26. గడువు తేదీ దగ్గర ఇది తారుమారవుతుంది: కుడి నుంచి చదివితే గడువు 2012లోనే ముగిసినట్టు. గల్ఫ్‌లోని దుకాణాల్లో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు అనేక దేశాలవాళ్లు. ఏ పక్క నుంచి చదవాలో లేబుల్ చెప్పదు.

అదే తేదీని హైఫన్ బదులు ఏటవాలు గీతతో రాసి ఉంటే ఈ గొడవ వచ్చేది కాదు. యూనికోడ్ లెక్కలో ఏటవాలు గీత, చుక్క, కామా, కోలన్ వేరే తరగతి. ఒకే రకం అంకెల మధ్య ఒంటరిగా వస్తే అవి ఎక్కడైనా అంకెల్లో కలిసిపోతాయి. కాబట్టి `13/05/26` అరబిక్ మాటల పక్కన ఉన్నా తిరగబడదు. చూసేవాళ్లకు హైఫన్, ఏటవాలు గీత రెండూ కేవలం విడదీసే గీతలే. అల్గారిథానికి మాత్రం రెండిటి పుట్టుకే వేరు.

అంకెల రూపం మార్చినా ఫలితం మారిపోతుంది. మొరాకో, అల్జీరియా, ట్యునీషియాల్లో మనం వాడే 1, 2, 3 రూపాలే నడుస్తాయి. ఈజిప్టులోనూ గల్ఫ్ దేశాల్లోనూ వీటితో పాటు తూర్పు అరబిక్ అంకెలూ వాడతారు. వాటిని అరబ్బులు భారతీయ అంకెలనే పిలుస్తారు. ఇవి పుట్టుకతోనే అరబిక్ అంకెల తరగతివి. కాబట్టి లేబుల్ స్థానికంగా కనిపించాలని డిజైనర్ అంకెలను ఆ రూపంలోకి మారిస్తే, ఇంతదాకా నిలకడగా ఉన్న ఒంటరి గడువు తేదీ కూడా తిరగబడుతుంది. పక్కన అరబిక్ అక్షరం లేకపోయినా సరే.

మిగిలిన వరసల్లో నడిచిందీ ఇదే సూత్రం. `-18°C`లో మైనస్ గుర్తు అంకెకు ముందు ఉంది, దానికి అటువైపు అంకె లేదు. అందుకే అది తటస్థమై కుడి పక్కకు జరుగుతుంది. డిగ్రీ గుర్తు కూడా అంకెను వదిలి వాక్యం దిశనే పట్టుకుంటుంది. చివరికి కుడి నుంచి మైనస్, పద్దెనిమిది, డిగ్రీ, సి అనే వరస వస్తుంది. కుడి నుంచి చదివేవాళ్లకు క్రమం సరిగానే ఉన్నట్టు అనిపించవచ్చు. కానీ ఆ మైనస్ ఇప్పుడు అరబిక్ మాటకూ అంకెకూ మధ్య చిన్న అడ్డగీతలా మిగిలింది. దాన్ని విడదీసే గీత అనుకుంటే, గడ్డకట్టించి దాచాల్సిన సరుకును 18 డిగ్రీల గదిలో పెట్టమని లేబుల్ చెప్పినట్టవుతుంది.

బరువు దగ్గర ఇంకో విచిత్రం ఉంది. `500 g` అని ఖాళీ పెట్టి రాస్తే `g 500` అవుతుంది. ఖాళీ తీసేసి `500g` అని రాస్తే మారదు. ఖాళీ తటస్థం కాబట్టి అంకెకూ అక్షరానికీ మధ్య అది వాక్యం దిశను తెచ్చిపెడుతుంది. ఖాళీ లేకపోతే రెండూ ఎడమ నుంచి కుడికి నడిచే ముక్కలే కాబట్టి అతుక్కుని ఉంటాయి. అయితే `g 500`ని తప్పు అనడానికి కొంచెం ఆగాలి. అరబిక్ పాఠకుడి చూపు కుడి నుంచి వస్తుంది, ముందు అయిదు వందలు, తర్వాత గ్రాములు కనిపిస్తాయి. అతనికి ఆ క్రమం సహజమే. శాతం గుర్తు కూడా అరబిక్‌లో అంకెకు ఎడమనే కూర్చుంటుంది. ఇంగ్లిషుకు అలవాటు పడ్డ కంటికి తేడాగా కనిపించినంత మాత్రాన దాన్ని సరిదిద్దకూడదు. ఇక్కడ గ్రాముల గుర్తును కూడా అరబిక్‌లో రాసేస్తే ఏ పేచీ ఉండదు.

ఫోన్ నంబరు సంగతి అలా కాదు. అంకెల గుంపుల మధ్య ఖాళీలున్నాయి, ఖాళీ ఏ రకం అంకెల్లోనూ కలవదు. రైలు బోగీలను వెనక నుంచి ముందుకు తగిలించినట్టు గుంపుల వరస మారుతుంది, ఒక్కో బోగీలోని సీట్ల వరస మాత్రం మారదు. `67890` ఎడమ చివరకు, `91+` కుడి చివరకు చేరతాయి. చూసినవాడు ఎడమ నుంచి నొక్కితే ఫోను ఎక్కడికో పోతుంది. ఇందులో అరబిక్ అక్షరం పాత్ర కూడా లేదు. నంబరు విడి పెట్టెలో ఉన్నా, ఆ పెట్టె దిశ కుడి నుంచి ఎడమకు అని పెడితే చాలు, ఇలాగే జరుగుతుంది.

అంకెల తర్వాత చిక్కుపెట్టేవి మధ్యలో దూరిన ఇంగ్లిషు మాటలు. మాట మామూలుగా ఉంటే ఇబ్బంది లేదు. `Wi-Fi`లో హైఫన్‌కు రెండు పక్కలా ఇంగ్లిషు అక్షరాలే కాబట్టి అది కదలదు. `USB 3.0` కూడా అంతే, ఇంగ్లిషు అక్షరం వెనక వచ్చిన అంకె ఆ దిశనే పట్టుకుంటుంది. గుర్తు మాట చివర ఉన్నప్పుడే చెడుతుంది. `C++` తర్వాత అరబిక్ మాట వస్తే రెండు ప్లస్‌లూ ఎడమకు జారి `++C` అవుతుంది. `Yahoo!` అనే పేరు `!Yahoo` అవుతుంది. పేరులో భాగమైన గుర్తుకూ, వాక్యానికి చెందిన గుర్తుకూ తేడా అల్గారిథానికి తెలియదు.

వరస ఇంగ్లిషు పేరుతో మొదలైతే ఇంకా పెద్ద దెబ్బ. వాక్యం మూల దిశ ఏమిటో ఎవరూ చెప్పకపోతే, చాలా సాఫ్ట్‌వేర్‌లు వరసలోని మొదటి బలమైన అక్షరాన్ని చూసి నిర్ణయించుకుంటాయి. హోటల్ బోర్డు మీద వైఫై ఉచితం అని రాయాలి, అరబిక్ అనువాదంలో `Wi-Fi` మొదట ఉంది అనుకోండి. మొదటి అక్షరం ఇంగ్లిషుది కాబట్టి వరస మొత్తం ఎడమ నుంచి కుడికి అని సాఫ్ట్‌వేర్ తేల్చేస్తుంది. ముందు చదవాల్సిన `Wi-Fi` ఎడమ చివరకు పోతుంది. అరబిక్ పాఠకుడు కుడి నుంచి మొదలుపెట్టి, ఉచితం అనే సంగతి ముందు చదివి, ఏది ఉచితమో చివర తెలుసుకుంటాడు.

మూల దిశ తప్పిందని పట్టుకోవడానికి అరబిక్ రాని మనిషికి కూడా ఒక ఆనవాలు ఉంది. అరబిక్‌లో కామాకు, ప్రశ్నార్థకానికి సొంత రూపాలున్నాయి. కానీ పూర్తి చుక్క, ఆశ్చర్యార్థకం ఇంగ్లిషుతో ఉమ్మడివే, అవి తటస్థంగా దిశను బట్టి నడుస్తాయి. వాక్యం చివరి చుక్క ఎడమ చివర ఉంటే మూల దిశ సరిగా ఉన్నట్టు. కుడి చివర, అంటే వాక్యం మొదట్లో, ఒంటరి చుక్క కనిపిస్తే ఆ పెట్టెను ఎడమ నుంచి కుడికి గీశారని అర్థం. అప్పుడు అందులోని అంకెలను, పేర్లను కూడా అనుమానించాలి. బ్రాకెట్లు ఇంకో ఆనవాలు. తెరిచే బ్రాకెట్‌ను కుడి నుంచి నడిచే వాక్యంలో అద్దంలో చూసినట్టు తిప్పి గీయాలి. అక్షరాల వరస తిప్పి ఈ పని మరిచిన సాఫ్ట్‌వేర్ గీసిన బొమ్మలో బ్రాకెట్లు లోపలి మాటకు వీపు పెట్టి నిలబడతాయి.

ఇదంతా వెబ్ పేజీలోనూ జరిగేదే. కానీ అక్కడ అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. దిశ సరిచేస్తే బ్రౌజర్ మళ్లీ లెక్కగట్టి చూపిస్తుంది. బొమ్మలో గీసేశాక మిగిలేది రంగు చుక్కలే, తప్పు అక్కడే గడ్డకడుతుంది. పైగా బొమ్మలో పెట్టే పద్ధతిలోనే మరో రెండు ఉచ్చులున్నాయి.

మొదటిది వరస విరవడం. ఇంగ్లిషు వాక్యం ఉన్న పెట్టె ఇరుకైనదైతే అరబిక్ వాక్యాన్ని రెండు వరసలుగా విరవాలి. ముందు చదివే క్రమంలో విరిచి, ఆ తర్వాత ఒక్కో వరసనూ విడిగా తిప్పాలి. కొందరు మొత్తం వాక్యాన్ని ముందే తిప్పేసి, తర్వాత పెట్టె వెడల్పుకు విరుస్తారు. క, ఖ, గ, ఘ, చ, ఛ అనే ఆరు మాటలు వరసగా చదవాలనుకుంటే, బొమ్మలో కనిపించేది ఇలా ఉంటుంది:

```
సరైనది     గ ఖ క
           ఛ చ ఘ

తప్పు      ఛ చ ఘ
           గ ఖ క
```

రెండో దాంట్లో ప్రతి వరసా విడిగా చూస్తే బాగానే ఉంది, కానీ వాక్యం సగం నుంచి మొదలవుతుంది. తేదీ, ఉష్ణోగ్రత లాంటివి పై వరసలోకి ఎగబాకి వేరే మాటలకు అతుక్కుంటాయి. అక్షరాలు కలిసే తీరు బాగుండడంతో అరబిక్ రానివాళ్లకు ఏమీ తెలియదు.

రెండో ఉచ్చు గీసే సాధనంలో ఉంది. పైథాన్‌లో బొమ్మల మీద అక్షరాలు గీయడానికి చాలామంది వాడే పిల్లో లైబ్రరీ, రాక్మ్ అనే తోడు లేకపోతే అరబిక్ అక్షరాలను విడివిడిగా, ఎడమ నుంచి పేరుస్తుంది. దానికి విరుగుడుగా ముందే అక్షరాలను కలిపి, వరస తిప్పి ఇచ్చే చిట్కా ఒకటి పాత పాఠాల్లో కనిపిస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో రాక్మ్ చేరితే అది మళ్లీ తిప్పుతుంది. రెండుసార్లు తిరిగిన వాక్యం తిరగబడే మిగులుతుంది. రాక్మ్ ఉంటే తిప్పే పని పూర్తిగా దానికే వదిలి, దిశ మాత్రం స్పష్టంగా చెప్పడం మేలు:

```
draw.text((x, y), s, font=f, direction="rtl", anchor="ra")
```

ఇందులో చివరి మాట వాక్యాన్ని పెట్టె కుడి అంచు నుంచి మొదలుపెట్టమని చెబుతుంది. రాక్మ్ లేకపోతే ఈ ఆదేశం ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. తప్పుగా గీసి ఊరుకోవడం కన్నా అదే నయం. ఫోటోషాప్‌లో పనిచేసేవాళ్లకు దీనికి సాటి వరల్డ్ రెడీ అనే లేఅవుట్ ఎంపిక. అది లేకుండా యూనికోడ్ తెలుగు టైపు చేసి ఒత్తులు విడిపోయి విసిగిపోయిన తెలుగు డిజైనర్లకు ఆ ఎంపిక పరిచయమే.

దిశ చెప్పినంత మాత్రాన తేదీ, ఫోన్ నంబరు బాగుపడవు. వాటిని వాక్యం నుంచి వేరుచేసి, ఈ ముక్కను లోపల ఎడమ నుంచి కుడికే చూపించు, చుట్టూ ఉన్నవాటి మాట వినకు అని చెప్పాలి. దానికోసం 2013లో వచ్చిన యూనికోడ్ 6.3లో కంటికి కనిపించని గుర్తుల జత ఒకటి చేరింది. మొదటిది ముక్కకు ముందు, రెండోది వెనక:

```
U+2066  13-05-26  U+2069
U+2066  -18°C  U+2069
U+2066  +91 12345 67890  U+2069
```

ఈ జత తెలియని పాత సాధనాల్లో `U+200E` అనే గుర్తును వాడవచ్చు. అది కనిపించని ఇంగ్లిషు అక్షరంలా ప్రవర్తిస్తుంది. అంకెలకు ముందు పెడితే వాటి తరగతి మారకుండా కాపాడుతుంది, `C++` వెనక పెడితే ప్లస్‌లను కదలనివ్వదు. ఒక్కటే జాగ్రత్త. కొన్ని సాధనాలు ఈ కనిపించని గుర్తులను కూడా అక్షరాలనుకుని, ఫాంటులో వాటి రూపం దొరక్క చిన్న చదరపు డబ్బాలు గీస్తాయి. ఆ డబ్బా లేబుల్ మీద అచ్చయిపోతుంది.

మరి హైఫన్ ఉన్న ప్రతి అంకెనూ ఈ జతలో బిగించేస్తే సరిపోతుందా? సరిపోదు. పది నుంచి ఇరవై నిమిషాలు ఉడికించాలి అనే సూచనలో `10-20` ఉందనుకోండి. అరబిక్ పాఠకుడు కుడి నుంచి వస్తాడు, అతనికి కుడి పక్క 10, ఎడమ పక్క 20 ఉండడమే సహజం. అల్గారిథం దాన్ని `20-10`గా చూపించడం ఇక్కడ సరైన పనే. బిగిస్తే ఇరవై నుంచి పదికి అన్నట్టు చదువుకుంటాడు. ఒకే హైఫన్ తేదీలో ఒక పని, నంబరులో ఒక పని, పరిధిలో ఇంకో పని చేస్తుంది. అది ఏ పనిలో ఉందో అనువాదం చేసినవాళ్లకు తెలుసు. బొమ్మ గీసేవాళ్లకు అందేసరికి ఆ సమాచారం ఉండదు, అంకెలు, గీతలు మాత్రమే ఉంటాయి. అందుకే కనిపించని గుర్తులు పెట్టాల్సిన చోటు అనువాదకుడి బల్ల. బొమ్మ దాకా వచ్చాక ఊహించాల్సి వస్తుంది.

తేదీకి ఇంకా తేలికైన దారి ఉంది. నెలను అంకెలో కాకుండా అరబిక్ మాటలో రాసి, సంవత్సరాన్ని నాలుగంకెల్లో రాస్తే, ముక్కలు ఏ వరసలో నిలబడ్డా అర్థం ఒక్కటే. 13, మే, 2026 అనే మూడింటిలో ఏది రోజో ఏది ఏడో ఎవరూ పొరబడరు.

బొమ్మ పూర్తయ్యాక అంకెలను మూలంతో పోల్చి చూడాలి. అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో బొమ్మను మళ్లీ చదివించి, అంకెల గుంపులు ఎడమ నుంచి ఏ వరసలో ఉన్నాయో మూలంతో సరిపోల్చడం ఒక పద్ధతి. ఫోన్ నంబరులో దేశం కోడ్ ఎడమ చివరే ఉందా, మైనస్ అంకెకు ఎడమనే ఉందా అన్నవి ఇలా తేలిగ్గా దొరుకుతాయి. తూర్పు అరబిక్ అంకెలు వాడిన బొమ్మల్లో మాత్రం దీన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. ఆ అంకెల్లో సున్నా ఒక చిన్న చుక్క, అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. 500 అని రాస్తే ఒక గుండ్రం, పక్కన రెండు చుక్కలు. చిన్న సైజులో, నీలి రంగు ప్లాస్టిక్ మీద, ఆ చుక్కలు సాఫ్ట్‌వేర్‌కు మరకల్లా కనిపించి 500 కాస్తా 5గా మిగలవచ్చు, లేదా 0గా చదవవచ్చు.

అలాంటి లేబుల్‌కు అరబిక్ చదవడం వచ్చిన మనిషి కావాలి. మూలం చూపించకుండా బొమ్మ ఒక్కటే ఇచ్చి, తేదీలు, ఉష్ణోగ్రత, ఫోన్ నంబరు పైకి చదవమనాలి. రెండో మనిషి ఇంగ్లిషు లేబుల్ చూస్తూ సరిపోల్చుకోవాలి. మూలం ముందే చూసిన కన్ను తిరగబడిన అంకెను కూడా సరిగ్గానే చదివేస్తుంది కాబట్టి, చదివే మనిషికి ఇంగ్లిషు లేబుల్ చూపించకపోవడమే ఈ పరీక్షలో ముఖ్యమైన నియమం.